ఒకే మార్కు తెచ్చుకున్న రెండు గుడ్లు

పశువైద్య కళాశాలలో గుడ్ల నాణ్యత మీద ప్రాక్టికల్ పరీక్ష జరిగే రోజున బల్ల మీద పెద్ద యంత్రాలేమీ ఉండవు. గదిలో ఒక మూల చీకటి చేసి, లోపల బల్బు వెలిగే చిన్న పెట్టె పెడతారు. దానికి రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద రంధ్రం ఉంటుంది. పక్కనే గ్రాముల తూకం, మట్టంగా అమర్చిన గాజు పలక, మూడు కాళ్ల మీద నిలబడే స్ఫెరోమీటరు అనే కొలత పరికరం. విద్యార్థి ముందు అంకెలు రాసిన గుడ్లు పెట్టి, వీటి గ్రేడు చెప్పమంటారు.

అలా మూడు గుడ్లు ఇచ్చారనుకుందాం. మూడూ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. పెంకు మీద మచ్చ లేదు, చీలిక లేదు. తూకం వేస్తే మొదటిదీ రెండోదీ 60 గ్రాములు, మూడోది 66 గ్రాములు. మన అగ్‌మార్క్ ప్రమాణాల్లో 60 గ్రాములు, ఆపైన ఉన్నవన్నీ అన్నింటికన్నా పెద్ద తరగతి కిందికే వస్తాయి. కిరాణా కొట్లో అయితే ఈ మూడింటినీ ఒకే ట్రేలో, ఒకే ధరకు అమ్మేస్తారు. లోపలి సంగతి వేరు. ఒకటి తాజా గుడ్డు, ఒకటి నిల్వ గుడ్డు. మిగిలిన ఒక్కటి తాజాదే అయినా నిల్వ గుడ్డులా కనిపించి పరీక్ష రాసేవాణ్ణి తికమక పెడుతుంది. వాటిని విడదీయడమే ఈ పరీక్ష.

వెలుగుకు పట్టి చూస్తే

నాటుకోడిని పొదగేసే ఇళ్లలో గుడ్డును వెలుగుకు పట్టి లోపల పిల్ల కడుతోందో లేదో చూడటం మనవాళ్లకు తెలిసిన పనే. క్యాండ్లింగ్ అన్నా అదే. పూర్వం కొవ్వొత్తి వెలుగులో చూసేవారు కాబట్టి ఇంగ్లీషులో ఆ పేరొచ్చింది. ఇప్పుడు కొవ్వొత్తి స్థానంలో బల్బు వచ్చింది, పెద్ద ప్యాకింగ్ కేంద్రాల్లో గుడ్లు వెలుగు మీదుగా వరసగా దొర్లుకుంటూ పోతాయి.

గుడ్డును సన్న కొన దగ్గర వేళ్లతో పట్టుకుని, మొద్దు కొనను కొంచెం ఏటవాలుగా రంధ్రానికి ఆనించాలి. మొదట కనిపించేది మొద్దు కొనలో ఉండే గాలి గది. కోడి కడుపులో గుడ్డు సుమారు 41 డిగ్రీల వేడిలో ఉంటుంది. అప్పుడు దానిలో గాలి గది ఉండదు. బయటికి వచ్చి చల్లబడేటప్పుడు లోపలి పదార్థం కాస్త కుంచించుకుంటుంది. పెంకుకు అంటుకుని ఉన్న రెండు పొరలు మొద్దు కొన దగ్గర విడిపోయి, ఆ సందులోకి గాలి చేరుతుంది. తర్వాత రోజులు గడిచేకొద్దీ పెంకులోని వేలాది సన్నని రంధ్రాల గుండా నీటి ఆవిరి బయటికి పోతుంది. పోయిన నీటి చోటును గాలి ఆక్రమిస్తుంది. అందుకే గాలి గది లోతును బట్టి గుడ్డు ఎంత నీరు పోగొట్టుకుందో చెప్పవచ్చు. అగ్‌మార్క్ లెక్కలో ఈ లోతు 4 మిల్లీమీటర్లలోపు ఉంటే ఎ గ్రేడు, 8 లోపు ఉంటే బి గ్రేడు.

తర్వాత గుడ్డును చటుక్కున అటూ ఇటూ తిప్పాలి. లోపల పచ్చసొన నీడ కదులుతుంది. ఇక్కడ చూడవలసింది ఆ నీడ ఎంత స్పష్టంగా ఉందన్నది. తెల్లసొన గట్టిగా ఉంటే పచ్చసొనను నడిమధ్యలో పట్టి ఉంచుతుంది. దాని నీడ మసకగా, అంచు తెలియకుండా ఉంటుంది. తెల్లసొన నీరుకారితే పచ్చసొన తేలికగా పెంకు దగ్గరికి చేరుతుంది, అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పచ్చసొన చక్కగా కనిపిస్తే మంచి గుడ్డు అనుకుంటారు. నిజానికి కనిపించకపోవడమే మంచి గుర్తు.

పెంకులోని సన్న చీలికలు కూడా ఈ వెలుగులోనే బయటపడతాయి, తెల్లని దారంలా మెరుస్తాయి. ఒక్కోసారి పచ్చసొన మీద ఎర్రని చుక్క కనిపిస్తుంది. అండాశయం నుంచి పచ్చసొన విడుదలయ్యేటప్పుడు చిన్న రక్తనాళం తెగడం వల్ల వచ్చే రక్తపు చుక్క అది. దాన్ని చూసి గుడ్డులో పిల్ల కడుతోందని చాలామంది పారేస్తారు. పుంజు లేని లేయర్ ఫారాల్లో పెట్టే గుడ్లలో పిల్ల కట్టే ప్రశ్నే లేదు. గ్రేడు తగ్గుతుంది కానీ, ఆ చుక్కను చెంచాతో తీసేసి గుడ్డు వండుకోవచ్చు.

మన మూడు గుడ్లలో మొదటిదాని గాలి గది 3 మిల్లీమీటర్లు, నీడ మసక. రెండోదాని గాలి గది 7 మిల్లీమీటర్లు, నీడ స్పష్టం. మూడోదానికి గాలి గది 3 మిల్లీమీటర్లే ఉంది కానీ, నీడ మాత్రం రెండోదానిలాగే స్పష్టంగా ఉంది. ఈ పొంతన లేనితనాన్ని విద్యార్థి ఇక్కడే రాసిపెట్టుకోవాలి. చివరికి పనికొచ్చేది అదే.

పలక మీద ఎన్ని మిల్లీమీటర్లు?

క్యాండ్లింగ్‌లో నీడ చూసి అంచనా వేస్తాం, పగలగొడితే కొలవవచ్చు. అయితే పగలగొట్టిన గుడ్డును తిరిగి అమ్మలేం. అందుకే ఫారాల్లోనూ ప్యాకింగ్ కేంద్రాల్లోనూ మొత్తం సరుకులో కొన్ని గుడ్లను మాత్రమే ఏరి ఇలా చూస్తారు.

ముందు తూకం వేయాలి, పగిలాక వేయలేం. తర్వాత గుడ్డును పలకకు బాగా దగ్గరగా పట్టుకుని పగలగొట్టాలి. ఎత్తు నుంచి పడితే గట్టి సొన చెదిరి, మంచి గుడ్డు కూడా పలచగా కనిపిస్తుంది. పలక మీద పడ్డ తాజా గుడ్డును గమనిస్తే నడుమ ఉబ్బిన పచ్చసొన, దాని చుట్టూ గుండ్రంగా దిమ్మ కట్టినట్టు నిలిచిన చిక్కని తెల్లసొన, దాని వెలుపల నీళ్లలా పారే పలచని తెల్లసొన కనిపిస్తాయి. పచ్చసొనకు అటూ ఇటూ మెలితిరిగిన తెల్లని తాళ్లు కూడా ఉంటాయి. కొందరు వాటిని పురుగనో పిల్ల మొలకనో అనుకుంటారు. పచ్చసొనను గుడ్డు మధ్యలో కట్టి ఉంచే తాళ్లవి, వాటిని చలాజా అంటారు.

కొలవవలసింది చిక్కని తెల్లసొన ఎత్తు. పచ్చసొన అంచుకూ చిక్కని సొన బయటి అంచుకూ సరిగ్గా మధ్యలో, చలాజా తగలని చోట స్ఫెరోమీటరు సూదిని మెల్లగా దించాలి. సూది మొన సొనను తాకి తాకగానే ఆపి అంకె చదవాలి. చలాజా మీద దిగితే ఎత్తు ఎక్కువొస్తుంది. పలక ఒక పక్కకు వాలి ఉంటే ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ వస్తుంది. అందుకే రెండు మూడు చోట్ల కొలిచి సగటు తీస్తారు. పగలగొట్టాక ఆలస్యం చేసినా సొన పాకుతూ ఎత్తు తగ్గిపోతుంది.

కొలిచాక మొదటి గుడ్డుకు 7 మిల్లీమీటర్లు, రెండోదానికి 4, మూడోదానికి 4.3 వచ్చాయనుకుందాం.

ఎత్తు ఒక్కటే చూసి గ్రేడు చెప్పకూడదు. పెద్ద గుడ్డులో సొన ఎక్కువ కాబట్టి సహజంగానే ఎత్తుగా నిలుస్తుంది. చిన్న గుడ్డుతో పోల్చేటప్పుడు ఆ తేడా తీసేయాలి. 1937లో అమెరికాలో రేమండ్ హాగ్ అనే ఆయన ఇందుకోసం ఒక సూత్రం ఇచ్చాడు. మన దేశంలో అగ్‌మార్క్‌కు ఆధారమైన చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. హాగ్ యూనిట్ పేరుతో ఆయన సూత్రాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

```
HU = 100 × log10(H − 1.7 × W^0.37 + 7.6)
```

ఇందులో H అంటే మిల్లీమీటర్లలో సొన ఎత్తు, W అంటే గ్రాముల్లో గుడ్డు బరువు. రెండో గుడ్డుకు లెక్క కట్టి చూద్దాం. 60కి 0.37 ఘాతం సుమారు 4.55. దాన్ని 1.7తో గుణిస్తే 7.73. ఎత్తు 4లోంచి 7.73 తీసేసి 7.6 కలిపితే 3.87 మిగులుతుంది. దాని లాగరిథమ్ 0.588, నూరుతో గుణిస్తే దాదాపు 59. ఇదే 4 మిల్లీమీటర్ల ఎత్తు 50 గ్రాముల గుడ్డుకు వచ్చి ఉంటే మార్కు 64 అయ్యేది. అమెరికా గ్రేడుల్లో 72, ఆపైన ఉంటే ఎఎ, 60 నుంచి 72లోపు ఎ, 60కి తక్కువైతే బి. ఎత్తు ఒకటే అయినా చిన్న గుడ్డు ఎ, పెద్ద గుడ్డు బి అవుతుందన్నమాట.

ఇదే లెక్కలో మొదటి గుడ్డుకు 84 వస్తుంది. మూడోదానికి ఎత్తు కాస్త ఎక్కువైనా బరువు కూడా ఎక్కువే కనుక మళ్లీ 59. రెండో గుడ్డుకూ మూడో గుడ్డుకూ ఒకటే మార్కు. రెండూ పాతవేనని రాసి లేచి వచ్చేసిన విద్యార్థి అక్కడే తప్పుతాడు.

సొన ఎందుకు కూలబడుతుంది?

తప్పు ఎక్కడుందో తెలియాలంటే చిక్కని సొన ఎందుకు చిక్కగా ఉంటుందో తెలియాలి. దానిలో ఓవోమ్యూసిన్ అనే ప్రోటీను జిగురు వల లాగా అల్లుకుని ఉంటుంది. తాజా గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. అప్పుడు దాని పీహెచ్ 7.6 దగ్గర ఉంటుంది. పెట్టిన క్షణం నుంచి ఆ వాయువు పెంకు రంధ్రాల గుండా బయటికి పోతూనే ఉంటుంది. పోయేకొద్దీ సొనలో క్షారగుణం పెరిగి, పీహెచ్ 9 దాటుతుంది. ఆ మార్పుకు ఓవోమ్యూసిన్ వల సడలిపోతుంది. దిమ్మలా నిలిచిన సొన నీరై పరుచుకుంటుంది. ఆ నీటిలో కొంత పచ్చసొనలోకి చేరి, అది కూడా ఉబ్బు తగ్గి చదునవుతుంది.

వంటింట్లో మనం చూసే రెండు వింతలకు కారణం ఇదే. బాగా తాజా గుడ్డు పగలగొడితే తెల్లసొన కాస్త మబ్బుగా ఉంటుంది. చెడిపోయిందేమోనని అనుమానం వస్తుంది. ఆ మబ్బు లోపల ఇంకా మిగిలి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చింది, అంటే అది తాజాదనానికి గుర్తు. అలాగే నిన్న మొన్న పెట్టిన గుడ్లు ఉడికిస్తే పెంకుతోపాటు తెల్లసొన ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. క్షారగుణం పెరగని సొన, పెంకు లోపలి పొరను వదలదు. వారం నిల్వ ఉన్న గుడ్డు నున్నగా ఒలుచుకుంటుంది.

వాయువు ఎంత వేగంగా పోతుందో, వల ఎంత తొందరగా సడలుతుందో నిర్ణయించేది వేడి. ఫ్రిజ్ చల్లదనంలో వారాల పాటు ఎ గ్రేడులో ఉండగలిగే గుడ్డు, మన మే నెల ఎండలో లారీ మీదా, రేకుల షెడ్డులోనూ ఉంటే కొద్ది రోజులకే బి గ్రేడుకు పడిపోతుంది. ఫారం దగ్గర ఇచ్చిన గ్రేడు ఆ రోజుకే సరి. మన చేతికి వచ్చేసరికి గుడ్డు ఏ గ్రేడులో ఉందో దారిలో అది చూసిన వేడి చెబుతుంది.

ఇక మూడో గుడ్డు. సొన పలచగా ఉంది, కానీ గాలి గది చిన్నది. నీరు పెద్దగా పోలేదు కాబట్టి నిల్వ వల్ల సొన పలచబడిందనడానికి లేదు. అంటే పెట్టేటప్పుడే పలచగా ఉంది. దీనికి ప్రధానంగా రెండు కారణాలు ఉంటాయి. కోడి వయసు పెరిగేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, సొన చిక్కదనం తగ్గుతుంది. 66 గ్రాముల బరువు కూడా ఆ వైపే చూపిస్తోంది. రెండో కారణం ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ జబ్బు. అది సోకిన కోళ్లు పెట్టిన రోజునే గుడ్డు పగలగొట్టినా తెల్లసొన నీళ్లలా జారుతుంది. పెంకు గరుకుగా, ముడతలతో ఉండటం, గుడ్లు తగ్గడం కూడా ఆ జబ్బు గుర్తులు. మన మూడో గుడ్డుకు పెంకు నున్నగా ఉంది కనుక కోడి వయసు అయి ఉండవచ్చు. రైతును అడిగి మంద వయసు తెలుసుకుంటే తేలిపోతుంది.

ఇంట్లో చేసే నీళ్ల పరీక్షకూ ఇదే హద్దు. చెంబులో నీళ్లు పోసి గుడ్డు వేస్తే మునిగినది తాజా, తేలినది పాత అంటాం. నీళ్లు కొలిచేది గాలి గదినే. అందులో మూడో గుడ్డు నిక్షేపంగా మునుగుతుంది, దాని పలచని సొన సంగతి నీళ్లకు తెలియదు.

గ్రేడు చెప్పనిది

ఇంతవరకూ చూసిందంతా నాణ్యత గురించి. ఇది తింటే జబ్బు చేస్తుందా అనే ప్రశ్న వేరు. హాగ్ యూనిట్ దానికి జవాబు చెప్పదు.

గుడ్ల ద్వారా వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే బాక్టీరియా. వాంతులు, విరేచనాలు, జ్వరం తెస్తుంది. అది గుడ్డులోకి రెండు దారుల్లో వస్తుంది. రెట్ట అంటిన పెంకు మీది నుంచి రంధ్రాల గుండా లోపలికి పోవడం ఒకటి. సోకిన కోడి అండాశయంలోనే, పెంకు కట్టకముందే సొనలో చేరిపోవడం రెండోది. రెండో దారిన వచ్చిన గుడ్డుకు పెంకు తళతళలాడుతుంది, గాలి గది చిన్నగా ఉంటుంది, మార్కు 84 కూడా రావచ్చు. కొద్దిపాటి బాక్టీరియా ఉంటే రంగూ వాసనా ఏమీ మారవు. క్యాండ్లింగ్ వెలుగులో అది కనిపించదు.

అయితే సొన ఎత్తుకూ ఈ భద్రతకూ ఒక చోట సంబంధం ఉంది. తెల్లసొన బాక్టీరియాకు సుఖమైన చోటు కాదు. అందులో వాటి గోడలను దెబ్బతీసే లైసోజైమ్, వాటికి ఇనుము అందకుండా పట్టేసుకునే మరో ప్రోటీను ఉంటాయి. ఇనుము, కొవ్వు, పోషకాలు అన్నీ పచ్చసొనలో ఉంటాయి. మధ్యలో గోడగా నిలిచేది పచ్చసొన చుట్టూ ఉన్న పలచని పొర. వేడిలో నిల్వ ఉన్న గుడ్డులో ఆ పొర బలహీనపడి, పచ్చసొనలోని పోషకాలు తెల్లసొనలోకి ఊరతాయి. అప్పటిదాకా ఆకలితో పడి ఉన్న కొద్దిపాటి బాక్టీరియా పెరగడం మొదలెడుతుంది. సొన ఎత్తును పడగొట్టిన వేడే ఈ గోడనూ పాడుచేస్తుంది. గుడ్లను చల్లగా ఉంచమనడానికి రుచికన్నా పెద్ద కారణం ఇది.

కడగడం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెంకు మీద కోడి వేసిన సన్నని పూత ఒకటి ఉంటుంది. అది రంధ్రాలను కొంతవరకు మూసి ఉంచుతుంది. గుడ్లు తెచ్చీ తేగానే కుళాయి నీళ్లతో కడిగితే ఆ పూత పోతుంది. పైగా చల్లని నీరు తగిలితే లోపలి పదార్థం కుంచించుకుని, పెంకు మీది మురికి నీటిని రంధ్రాల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. అమెరికాలో ఫారం గుడ్లు కడిగే కేంద్రాల్లో నీరు గుడ్డుకన్నా కనీసం 11 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉండాలన్న నియమం ఇందుకే. కడిగిన గుడ్లను ఆ తర్వాత 7 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచుతారు. యూరప్ దేశాల్లో ఎ గ్రేడు గుడ్లను సాధారణంగా కడగనివ్వరు, పూతనే నమ్ముకుంటారు. కడిగి, ఆపై ఎండలో పెట్టడం ఈ రెండు పద్ధతుల్లో దేనిలోనూ లేదు.

మన ఇంటికి దీన్ని అన్వయించుకుంటే, రెట్ట అంటిన గుడ్డు కొనకపోవడం మంచిది. కొన్నవాటిని పొడిగా ఉన్నట్టే, సన్న కొన కిందికి పెట్టి ఫ్రిజ్ లోపలి అరలో ఉంచాలి. తలుపు తీసినప్పుడల్లా వెచ్చబడుతుంది కనుక తలుపు అర పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి బయట పెట్టిన గుడ్డుకు చెమట పడితే ఆ తడి కూడా బాక్టీరియాకు దారే. కావలసినవే తీసుకోవాలి, తీసినవి వండేయాలి. కడగాలనుకుంటే వండే ముందు కడగాలి. పెంకు చిట్లినా లోపలి పొర చెక్కుచెదరని గుడ్డును వెంటనే బాగా ఉడికించి తినవచ్చు. పొర కూడా తెగి సొన కారుతున్నదాన్ని పారేయాల్సిందే. పచ్చి గుడ్డు పగలగొట్టిన చేతితో, అదే గిన్నెతో పచ్చడో పెరుగో ముట్టుకోకూడదు.

చివరికి బాక్టీరియాను నమ్మకంగా చంపేది పొయ్యి ఒక్కటే. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడకాలి. కొలత కావాలంటే గుడ్డు కలిపిన వంటకం నడుమ 71 డిగ్రీల సెల్సియస్ వేడి రావాలి. బలం వస్తుందని పచ్చి గుడ్డు పాలలో కొట్టి పిల్లలకూ, బాలింతలకూ, ముసలివాళ్లకూ ఇచ్చే అలవాటు మనకు ఉంది. జబ్బు చేస్తే అందరికన్నా ఎక్కువ దెబ్బతినేది వాళ్లే.

కొలతలు, లెక్కలు అయ్యాక మౌఖిక పరీక్షలో అడగదగిన ప్రశ్న ఒకటుంది. ఈ మూడు గుడ్లలో ఏది పచ్చిగా తాగవచ్చు? 84 మార్కులు చూసి మొదటి గుడ్డు అని నోటిదాకా వస్తుంది. పెంకు లోపల చిక్కగా నిలిచిన ఆ సొనలో ఏముందో వెలుగూ చెప్పలేదు, సూదీ చెప్పలేదు. మూడింటిలో ఏదీ వద్దు అన్నదే సరైన జవాబు. మూడూ ఉడికితే మాత్రం మూడూ తినదగినవే. 84 వచ్చినదాన్ని ఆమ్లెట్ వేస్తే పెనం మీద గుండ్రంగా నిలుస్తుంది, 59 వచ్చినవి కాస్త ఎక్కువ పరుచుకుంటాయి. గ్రేడు తేడా అంతే.